“ఏం లేదు సార్” తర్వాత అడగాల్సిన ప్రశ్న

(అనంతపురంలో ఫీల్డ్ సర్వీస్ సూపర్‌వైజర్ల కోసం జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కళ్యాణదుర్గం నుంచి, ఉరవకొండ నుంచి పొద్దున్నే బండ్ల మీద బయల్దేరి వచ్చినవాళ్లు ఉన్నారు. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

నేను డ్రిప్ సర్వీస్ టీమ్ చూసుకుంటాను. నా కింద ఎనిమిది మంది టెక్నీషియన్లు ఉన్నారు. రైతు ఫోన్ చేస్తే తోటకి వెళ్లి ఫిల్టర్, వాల్వులు, లేటరల్ పైపులు చూసి బాగుచేసి వచ్చేది వాళ్లే. మీలో చాలామందిది ఇలాంటి పనే. వస్తువు వేరు, మనుషులు ఒకటే.

మూడేళ్ల కిందట మా వాళ్లలో ఒకరు వచ్చి నా టేబుల్ మీద కాగితం పెట్టారు. “వచ్చే నెల నుంచి రాలేను సార్” అన్నారు. మంచి పనివాడు. రైతులు ఆయన్నే పంపమని పేరు పెట్టి అడిగేవాళ్లు. కారణం అడిగాను. ఆయన ఇల్లు రాయదుర్గం వైపు. నేను వేసిన రూటు తాడిపత్రి వైపు. జిల్లాకి ఆ చివర ఇల్లు, ఈ చివర పని. ఏడాదిగా ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటున్నారట. “మరి ఇన్ని రోజులు చెప్పలేదేం?” అన్నాను. ఆయన కోపంగా ఏమీ అనలేదు. మెల్లగా, “మీరు అడగలేదు కదా సార్” అన్నారు.

నేను అడుగుతూనే ఉన్నాననుకున్నాను. ప్రతి సోమవారం ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని మాట్లాడేవాణ్ణి. ఆ సాయంత్రం నా డైరీ తీసి ఆయన పేరు మీద ఏడాది పొడవునా రాసుకున్నదంతా చదివాను. పెండింగ్ కంప్లైంట్లు ఆరు. వాపసు రావాల్సిన స్పేర్లు మూడు. బండి కిలోమీటర్లు ఎక్కువొస్తున్నాయి, అడగాలి. అంతా నా అక్షరాలే, అన్నీ నాకు కావలసినవే. కిలోమీటర్లు ఎందుకు ఎక్కువొస్తున్నాయో అడిగి ఉన్నా విషయం బయటికొచ్చేది. నేను లెక్క అడిగాను, ఆయన లెక్క చెప్పారు. ఆయన వెళ్లిపోయాక రెండు రూట్లు అటూ ఇటూ మార్చాం. అందుకు పట్టిన టైం పది నిమిషాలు. తాడిపత్రి వైపు వెళ్లే అబ్బాయి కూడా సంతోషించాడు, వాళ్ల ఊరు అటే. ఆ పది నిమిషాల పని ఏడాది ముందే చేసుండాల్సింది.

కాబట్టి ఈరోజు నేను చెప్పేది ఒక్కటే. మేనేజరు, టీమ్‌లో మనిషి విడిగా కూర్చునే ఆ అరగంట ఎవరిది? నేను అది నాదనుకున్నాను. అది ఆ మనిషిది.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. ఇంటెల్ కంపెనీని నడిపిన ఆండ్రూ గ్రోవ్ 1983లో వచ్చిన తన పుస్తకంలో ఈ మాట స్పష్టంగా రాశారు. ఈ మీటింగ్ కింద పనిచేసే మనిషిది, ఏం మాట్లాడాలో ఆయనే తెచ్చుకోవాలి అన్నారు. అందుకు ఆయన చెప్పిన కారణం కూడా చాలా మామూలుది. ఎజెండా తయారుచేయాలంటే ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించాలి. ఎనిమిది మంది ఉన్న మేనేజరు ఎనిమిది ఎజెండాలు ఆలోచించాలి. ఆ మనిషికైతే తనదొక్కటే. పైగా ఈ వారం తన పనిలో ఏం మింగుడు పడలేదో తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

గ్రోవ్ కనీసం గంట ఉండాలంటారు. విషయం పెద్దదైతే అరగంటలో బయటికి రాదని, టైం లేదని తెలిస్తే మనిషి చిన్న విషయాలే తెస్తాడని ఆయన వాదన. అందులో నిజం ఉంది. మా పనిలో గంట కుదరలేదు. రెండు వారాలకోసారి అరగంట అనుకుని, దాని వెనకాల పదిహేను నిమిషాలు ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా ఉంచుతాను. ఆ ఖాళీ ఎందుకో తర్వాత చెప్తాను.

ఎన్ని రోజులకోసారి అన్నదానికి మాత్రం ఆయన చెప్పిన పద్ధతే పాటిస్తున్నాను. సర్వీసు ఎన్నేళ్లన్నది కాదు, ఇప్పుడు చేస్తున్న పనిలో అనుభవం ఎంతన్నది చూడాలి. మాలో తొమ్మిదేళ్ల సీనియర్ ఒకాయనకి కొత్తగా ఆటోమేటిక్ వాల్వుల పని అప్పగించాను. ఆ పనిలో ఆయన కొత్తవాడే కదా? ఆ మూడు నెలలు ఆయనతో వారంవారం కూర్చున్నాను. చేయి తిరిగాక మళ్లీ రెండు వారాలకి మార్చాం. “నేనేం తప్పు చేశాను సార్, వారానికోసారి పిలుస్తున్నారు?” అని మొదట్లో ఆయన బాధపడ్డారు. కారణం ముందే చెప్పుంటే ఆ బాధ ఉండేది కాదు. మీరు ముందే చెప్పండి.

టైం సంగతి. మన దగ్గర పొలాలకు పగటిపూట తొమ్మిది గంటల కరెంటు. మోటారు ఆడితేనే డ్రిప్ లైనులో ప్రెషర్ చూడగలం. ఆ గంటల్లో టెక్నీషియన్ని ఆఫీసులో కూర్చోబెడితే ఆయన మనసంతా తోటలోనే ఉంటుంది, గడియారం చూస్తూ జవాబులు చెప్తాడు. అందుకని మావి సాయంత్రం ఐదు దాటాక. మీ పనికి ఏ గంట ఖాళీయో అది మీరు చూసుకోండి. చోటు విషయంలో ఒక్కటే చెప్తాను. నా సీటుకి ఎదురుగా కూర్చోబెట్టను. అక్కడ కూర్చుంటే వాళ్లకి సంజాయిషీ ఇస్తున్నట్టే ఉంటుంది. స్టోర్ రూమ్ పక్కన చిన్న గది ఉంది, బెంచీ మీద పక్కపక్కన కూర్చుంటాం. టీ కొట్టు దగ్గర వద్దు. అక్కడ అందరూ మనవాళ్లే, అందరికీ చెవులుంటాయి.

ఇప్పుడు పుస్తకం గురించి. ఒక్కో మనిషికి ఒక నోటు పుస్తకం. అది ఆ మనిషి దగ్గరే ఉంటుంది, నా దగ్గర కాదు. ఎడమ పేజీ ఆయనది, కుడి పేజీ నాది. రెండు వారాల్లో ఏదైనా తట్టినప్పుడు ఎడమ పేజీలో ఒక ముక్క రాసుకుంటాడు. “గార్లదిన్నె రైతు, వారంటీ గొడవ” అంటే చాలు. మీటింగ్‌కి ముందురోజు ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపిస్తాడు. కూర్చున్నాక ముందు ఎడమ పేజీ. అది పూర్తయ్యాకే నేను తెచ్చిన రెండు మూడు విషయాలు. ఆఖరి ఐదు నిమిషాల్లో కుడి పేజీలో ఎవరు ఏం చేస్తామన్నామో, ఏ తారీఖులోపో రాస్తాం. నేను ఒప్పుకున్నది నా చేత్తోనే రాస్తాను. తర్వాతి మీటింగ్ ఆ కుడి పేజీ చదవడంతోనే మొదలవుతుంది. నేను చేస్తానన్నది చేయకపోతే అది నా అక్షరాల్లోనే నా ముందు ఉంటుంది.

కంప్లైంట్ల లెక్క ఈ పుస్తకంలోకి రానివ్వను. అది పొద్దున వాట్సాప్ గ్రూపులో వచ్చేస్తుంది. గ్రూపులో పెట్టగలిగినది ఏదైనా గ్రూపులోనే పెట్టాలి. పదిమందిలో చెప్పలేనిదానికే ఈ గది.

(ముందు వరుసలో ఒకరు: “పుస్తకం ఇస్తాం సార్, ఖాళీగా తెస్తారు. అడిగితే ఏం లేదు సార్ అంటారు.”)

అంటారు. నాకూ అదే జరిగింది. మొదటి నెల ఎనిమిది పుస్తకాల్లో ఐదు ఖాళీగా వచ్చాయి. దానికి కారణం మనం అడిగే ప్రశ్నే. “ఏమైనా ప్రాబ్లమా?” అని అడుగుతాం. అవును అంటే తనకి పని చేతకావడం లేదని ఒప్పుకున్నట్టు. పైవాడి ముందు ఎవరు ఒప్పుకుంటారు? “ఏం లేదు సార్, అంతా బాగానే ఉంది” అనడం మన దగ్గర మర్యాద కూడా. అవునా కాదా అని తేల్చే ప్రశ్న మానేసి, జవాబులో ఒక వస్తువో, చోటో, పేరో రాక తప్పని ప్రశ్న అడగాలి. అదే ప్రశ్న ప్రతిసారీ అడగాలి. ఏం అడుగుతారో ముందే తెలుసు కాబట్టి టెన్షన్ ఉండదు, ఆలోచించుకుని వస్తారు. నావి మూడే ప్రశ్నలు.

“ఈ రెండు వారాల్లో నీ టైం ఎక్కువ ఎక్కడ పోయింది?”

“నా వల్ల ఆగిన పని ఏది?”

“నాకు ఇంకా తెలియని సంగతి, తెలిస్తే మంచిదని నీకనిపించేది ఏది?”

మూడు నెలలకోసారి నాలుగోది కూడా కలుపుతాను. “వచ్చే ఏడాది ఈపాటికి ఏ పని చేస్తుండాలని ఉంది?” దీన్ని ప్రతిసారీ అడిగితే అర్థం ఉండదు.

ఈ ప్రశ్నలు ఎలా పనిచేస్తాయో ఒక మనిషి సంగతితో చెప్తాను. నార్పల, గార్లదిన్నె వైపు చీనీ తోటలు చూసే అబ్బాయి ఒకడున్నాడు. నాలుగేళ్ల అనుభవం. రోజుకి సగటున ఐదు కంప్లైంట్లు క్లోజ్ చేసేవాడు. ఎండాకాలం వచ్చేసరికి మూడుకి పడిపోయాడు. మిగతావాళ్లు ఐదు, ఆరు మీదే ఉన్నారు. పాత రోజుల్లో అయితే, “ఏమైంది, ఎందుకు తగ్గింది?” అని అడిగేవాణ్ణి. “చేస్తాను సార్” అని వెళ్లిపోయేవాడు. ఈసారి తగ్గిన సంగతి ఎత్తలేదు. మొదటి ప్రశ్నే అడిగాను.

మొదటిసారి, “తిరగడంలోనే పోతాంది సార్” అన్నాడు. తిరగడం అందరికీ ఉన్నదే. నేనేం మాట్లాడకుండా “ఊ” అన్నాను. ఇంకేం చెప్పలేదు. కుడి పేజీలో “తిరుగుడు ఎక్కడ ఎక్కువో రాసుకురావాలి” అని తనే రాసుకున్నాడు.

రెండు వారాల తర్వాత అదే ప్రశ్న. పుస్తకంలో నాలుగు తోటలు రాసుకొచ్చాడు. నాలుగూ ఉప్పునీళ్ల బోర్లున్నవే. “ఈ నీళ్లకి డ్రిప్పర్లు పూడుకుపోతాన్నాయి సార్, తెల్లగా పెచ్చు కట్టి. ఒక్కో తోటకి రెండుసార్లు పోవాల్సి వస్తాంది” అన్నాడు. రెండుసార్లు ఎందుకని అడిగాను. అది నాకు తెలిసిన పనే, అయినా తన నోటితోనే చెప్పించాను. ఉప్పు పెచ్చు పోవాలంటే లైనులోకి యాసిడ్ ఎక్కించాలి. ఎక్కించి నీళ్లు ఆపేసి రాత్రంతా అలాగే వదిలేయాలి. మర్నాడు వెళ్లి చివరి ఎండ్ క్యాపులు తీసి కడిగేయాలి. కడగకుండా వదిలితే ఊడిన పెచ్చంతా మళ్లీ డ్రిప్పర్లలోనే ఇరుక్కుంటుంది. అంటే రెండు రోజుల్లో రెండుసార్లు తోటకి పోవాలి. మన లెక్కలో మాత్రం అది ఒక్క కంప్లైంటు.

అప్పుడు అర్థమైంది నాకు. మంచినీళ్ల బోర్ల వైపు తిరిగేవాడు ఫిల్టర్ జాలీ కడిగి ఇరవై నిమిషాల్లో ఒకటి క్లోజ్ చేస్తాడు. ఈ అబ్బాయి ఒక్కటి క్లోజ్ చేయడానికి రెండు రోజులు పోతాడు. ఎండాకాలంలో బోర్లలో నీళ్లు తగ్గేకొద్దీ ఆ తోటల్లో ఉప్పు ఎక్కువవుతోంది, అలాంటి కంప్లైంట్లు పెరుగుతున్నాయి. అతను తక్కువ చేయడం లేదు. నా లెక్కే తప్పు.

మూడోసారి రెండో ప్రశ్న దగ్గర అసలు విషయం వచ్చింది. “నా వల్ల ఆగిన పని ఏది?” అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. నేను కూడా ఊరుకున్నాను. మనసులో పది దాకా లెక్కపెట్టుకోండి, అంతసేపు ఊరుకోవడం చాలా కష్టం, కానీ అక్కడ మనం మాట్లాడితే ఆ జవాబు ఇంక రాదు. చివరికి చెప్పాడు. “యాసిడ్ క్యాన్ స్టోర్ నుంచి తీసుకోవాలంటే మీ సంతకం కావాల సార్. మీరు తొమ్మిదిన్నరకి వస్తారు. అప్పటికి నేను తోటలో ఉండాల.” అందుకని యాసిడ్ పని ఉన్న రోజు ఆఫీసులో కాచుకుని, పది దాటాక బయల్దేరేవాడు. పొద్దున చల్లటి గంటలన్నీ నా సంతకం కోసం పోయాయి. యాసిడ్‌కి సంతకం నియమం పెట్టింది నేనే, జాగ్రత్త కోసం. ఆ నియమం తప్పు కాదు, దాని టైమే తప్పు.

కుడి పేజీలో నా చేత్తో రెండు రాశాను. యాసిడ్ ముందురోజు సాయంత్రమే సంతకం పెట్టి ఇస్తాను. కడగడానికి వెళ్లే రెండో విజిట్‌ని విడిగా లెక్కిస్తాం. మొదటిది మర్నాటి నుంచే మొదలైంది. రెండోదానికి పైవాళ్ల ఒప్పుకోలు కావాలి, నెల పట్టింది. ఆ నెలలో ప్రతిసారీ “ఇంకా రాలేదు, ఫలానా రోజు మళ్లీ అడిగాను” అని చెప్పేవాణ్ణి. పని కాకపోయినా, ఎక్కడ ఉందో చెప్తే మనిషి ఓర్చుకుంటాడు. చెప్పకపోతే పుస్తకంలో రాయడం మానేస్తాడు.

ఒక్కటి గమనించండి. అదే ప్రశ్నకి మొదటిసారి వచ్చిన జవాబు “తిరగడం”. మూడు మీటింగులు, నాలుగు వారాలు పట్టింది నా సంతకం దాకా రావడానికి. మొదటిసారి జవాబుతో తృప్తిపడి నేను రూటు మార్చేసి ఉంటే ఆ ఉప్పు తోటలు ఇంకొకరి నెత్తిన పడేవి, ఆ మనిషి లెక్క పడిపోయేది.

ఇప్పుడు ఆ పదిహేను నిమిషాల ఖాళీ సంగతి. పుస్తకం మూసి, లేచి నిలబడి, తలుపు దాకా వెళ్లి, “అన్నట్టు సార్” అంటారు చూడండి, అసలు మాట అక్కడుంటుంది. పెళ్లి కుదిరింది సార్, అమ్మకి బాగాలేదు సార్, ఇంకో కంపెనీ వాళ్లు పిలుస్తున్నారు సార్. ఆ టైంలో మీ ఫోన్ మోగి, ఇంకో మీటింగ్ ఉందని మీరు పరిగెడితే ఆ మాట మళ్లీ ఎన్నాళ్లకొస్తుందో తెలియదు. నేను మళ్లీ కూర్చుంటాను. ముగిసిందనుకున్నాక ఇంకో ప్రశ్న అడగమని గ్రోవ్ కూడా చెప్పారు. నేను అడిగేది, “ఇంకా?” అని మాత్రమే.

ఇక చెడిపోయే చోట్లు. మొదటిది వాయిదా. పైనుంచి ఎవరో వచ్చారని ఒకసారి, స్టాక్ లెక్కలని ఒకసారి, ఇలా ఒకరితో వరసగా మూడుసార్లు రద్దు చేశాను. నాలుగోసారి ఆయన పుస్తకం తేవడమే మర్చిపోయారు. ఆయన మర్చిపోలేదు, నేనే అది ముఖ్యం కాదని నేర్పించాను. అప్పటినుంచి రద్దు అన్నది లేదు. కుదరకపోతే అదే వారంలో ఇంకో రోజుకి మారుస్తాను, ఆ రోజు ఏదో అప్పుడే చెప్తాను.

రెండోది ఇంకా పెద్దది. గదిలో విన్న మాట బయటికి వెళ్లడం. ఒక టెక్నీషియన్ స్టోర్‌లో స్పేర్లు ఇవ్వడంలో తేడా చూపిస్తున్నారని నాతో చెప్పాడు. నేను మంచి ఉద్దేశంతోనే స్టోర్‌ ఆయన్ని పిలిచి అడిగాను. పేరు చెప్పలేదు. కానీ ఆ వివరం ఆ ఒక్కడికే తెలిసేది. సాయంత్రానికి ఎవరు చెప్పారో అందరికీ తెలిసిపోయింది. ఆ అబ్బాయి తర్వాత ఐదు నెలలు నాతో బండి పెట్రోలు గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు అలాంటి మాట వస్తే, అక్కడే అడుగుతాను. “దీని మీద నేనేమన్నా చేయాలా, ఊరికే వినాలా? చేస్తే నీ పేరు తెలిసిపోతుంది, పర్వాలేదా?” వద్దంటే ఆగుతాను. దానికి హద్దు ఉంది. మనుషుల భద్రత, డబ్బు అవకతవకలు, ఎవరినైనా వేధించడం, ఇవైతే నేను ఆగలేను. ఆ సంగతి కూడా మొదటి మీటింగ్‌లోనే చెప్పేస్తాను.

జీతం గురించి అడుగుతారు. నా చేతిలో లేనిది లేదని చెప్తాను. “చూద్దాం” అనను. చూద్దాం అన్న మాట కుడి పేజీలో ఎలా రాస్తారు, ఏ తారీఖు వేస్తారు?

అలాగే తప్పు చేసినప్పుడు చెప్పాల్సిన మాట ఈ అరగంట కోసం దాచుకోవద్దు. ఆరోజే విడిగా చెప్పండి. పదిరోజుల మాటలు మూటగట్టి ఇక్కడ విప్పితే, ఆ తర్వాత ఈ గదికి రావాలంటేనే భయపడతారు.

(వెనకనుంచి ఒకరు: “నా కింద ఇరవై మంది సార్. అందరితో కూర్చుంటే నా పని ఎప్పుడు చేయాలి?”)

లెక్క వేద్దాం. నాకు ఎనిమిది మంది, అరగంట చొప్పున రెండు వారాల్లో నాలుగు గంటలు. మీకు ఇరవై మంది అంటే పది గంటలు. ఖాళీతో కలిపితే పదిహేను. కష్టమే, నేను ఊరికే చేసేయండి అనను. మీ ఇరవై మందిలో ఇద్దరో ముగ్గురో ఇప్పటికే మిగతావాళ్లకి పని నేర్పిస్తూ ఉంటారు కదా? వాళ్లకి నలుగురైదుగురిని అప్పగించి ఈ మీటింగులు వాళ్ల చేత చేయించండి. మీరు వాళ్లతో రెండు వారాలకోసారి కూర్చోండి. మీ దగ్గరే మిగిలినవాళ్లలో కొత్తవాళ్లతో, పని మారినవాళ్లతో రెండు వారాలకి, చేయి తిరిగినవాళ్లతో నెలకి. అరగంటని పది నిమిషాలకి మాత్రం తగ్గించొద్దు. పది నిమిషాల్లో “తిరగడంలోనే పోతాంది సార్” దగ్గరే ఆగిపోతారు.

(అదే వ్యక్తి: “మొదటిరోజు ఏమని మొదలుపెట్టాలి సార్?”)

పుస్తకం చేతికిచ్చి, ఇది నీ దగ్గరే ఉంచుకో అనండి. మూడు ప్రశ్నలూ మొదటి పేజీలో రాసివ్వండి. ఆరోజు జవాబులు అడగొద్దు. రెండు వారాల తర్వాత ఏ రోజు, ఎన్ని గంటలకో కుడి పేజీలో మీ చేత్తో రాయండి. ఆ రోజు, ఆ గంటకి మీరు అక్కడ ఉండండి.